రెండు ప్రశ్నలకు ఒక్క ‘ఓకే’: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరు చుట్టుపక్కల ఇళ్ల పనులు చూసే సైట్ ఇంజనీర్‌ని. మేస్త్రికి, ఓనర్‌కి, కరెంట్ పని వాళ్లకి, సిమెంట్ కొట్టుకి రోజంతా మెసేజ్‌లు పెడుతూనే ఉంటాను. వాటిలో సగానికి వచ్చే జవాబు ‘ఓకే మేడం’. ఆ మాట వల్ల జరిగిన పనులు, జరగని పనులు రెండూ చూశాను. కొత్తగా చేరిన సూపర్‌వైజర్లు, ఊళ్లో ఇల్లు కట్టిస్తూ తాము వేరే ఊళ్లో ఉండే ఓనర్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఉదాహరణలన్నీ స్లాబ్ పని నుంచే వస్తాయి. నాకు తెలిసింది అదే మరి.

అసలు ఇందులో సమస్య ఏముంది? ఓకే అన్నాడంటే రెండూ ఓకే అనే కదా?

కాదు. “ఇసుక దిగిందా? కంకర రేపు వస్తుందా?” అని అడిగితే వచ్చిన ఓకేకి అర్థాలు చాలా ఉన్నాయి. రెండూ నిజమే అని కావచ్చు. ఇసుక మాత్రమే దిగిందని కావచ్చు. కంకర సంగతి మాత్రమే చెప్తున్నాడేమో. “మీ మెసేజ్ చూశాను, ఇప్పుడు చేతికి సిమెంట్ ఉంది, తర్వాత మాట్లాడతాను” అని కూడా కావచ్చు. పంపినవాడికి ఏది అనుకున్నాడో తెలుసు. చదివినవాళ్లకు తమకు కావలసినదే కనిపిస్తుంది. రేపు కాంక్రీట్ పడాలని తొందరలో ఉన్నప్పుడు నాకు రెండూ అయిపోయినట్టే కనిపిస్తుంది.

ఇందులో ఎవరూ అబద్ధం ఆడరు. అందుకే కాంక్రీట్ పడేదాకా ఎవరికీ అనుమానం రాదు.

ఆ ఓకే ఏ ప్రశ్నకు వచ్చిందో పసిగట్టడం ఎలా?

ఖచ్చితంగా పసిగట్టలేరు. కానీ నా అనుభవంలో ఎక్కువసార్లు అది చివరి మాటకు వస్తుంది. మనిషి మెసేజ్ చదివి చివరికి వచ్చేసరికి బుర్రలో మిగిలేది ఆ ఆఖరి ముక్కే. మీరు రెండు ప్రశ్నలు అడిగి చివర్లో “రేపు ఏడింటికి లారీ వస్తుంది” అని ఒక సమాచారం కూడా తగిలిస్తే, ఓకే నేరుగా దానికే పోతుంది. ప్రశ్నలు రెండూ గాల్లో ఉండిపోతాయి.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఫోన్ తెరవకుండా పైన కనిపించే రెండు లైన్లే చదివి జవాబిచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల ఓకే మొదటి ప్రశ్నకు వస్తుంది. ఎండలో పరంజా మీద నిలబడి ఉన్న మనిషి ఫోన్‌ని ఎంతసేపు చూస్తాడో ఊహించుకుంటే, పొడవాటి మెసేజ్‌లో మధ్యలో పెట్టిన ప్రశ్నకు అన్నిటికన్నా తక్కువ దిక్కు అని అర్థమవుతుంది.

మీకు నిజంగా నష్టం జరిగిందా, లేక ఊరికే భయపెడుతున్నారా?

జరిగింది. నాలుగు గదుల ఇల్లు, పై స్లాబ్. రాత్రి ఏడున్నరకి నేను మేస్త్రికి పెట్టిన మెసేజ్ ఇది: “మేస్త్రి గారూ, అన్ని గదుల్లో ఫ్యాన్ బాక్సులు పెట్టారా, పైపులు కట్టేశారా? రేపు ఉదయం 7కి రెడీమిక్స్ వస్తోంది.” ఐదు నిమిషాల్లో జవాబు: “ఓకే మేడం.” నేను నిశ్చింతగా పడుకున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. స్లాబ్ గట్టిపడేదాకా మోయడానికి కింద పోస్టులు నిలబెట్టి, వాటి మీద షీట్లు పరిచే ఏర్పాటునే సెంట్రింగ్ అంటాం. దాని మీద ఇనుము కట్టే సమయంలోనే సీలింగ్‌లో ఫ్యాన్ ఎక్కడ రావాలో అక్కడ ఒక బాక్సు బిగిస్తారు. అందులో ఫ్యాన్ వేలాడే హుక్ ఉంటుంది, వైరు వచ్చే పీవీసీ పైపు కూడా అందులోకే వచ్చి ఆగుతుంది. కాంక్రీట్ పడ్డాక ఇదంతా లోపల మూసుకుపోతుంది. అంటే ఈ పనికి ఉన్న వ్యవధి కాంక్రీట్ లారీ వచ్చేదాకానే.

మర్నాడు ఉదయం నేను వెళ్లేసరికి లారీ అప్పటికే వచ్చి ఉంది, ముందు వైపు కాంక్రీట్ పడుతోంది. పైపులన్నీ ఇనుముకు కట్టి కనిపించాయి. నా కంటికి పైపులు కనబడగానే బాక్సులూ ఉండే ఉంటాయనుకున్నాను. సెంట్రింగ్ విప్పాక కరెంట్ అబ్బాయి వచ్చి వెనక బెడ్‌రూమ్‌లో నిలబడి పైకి చూసి, “మేడం, ఇక్కడ బాక్సు లేదు” అన్నాడు. మిగతా మూడు గదుల్లో ఉన్నాయి. నాలుగోదానికి బాక్సు తక్కువ పడిందట, ఉదయం కొనుక్కొద్దామనుకున్నారట. ఉదయం లారీ వచ్చేసింది.

మేస్త్రిని అడిగితే ఆయన నిజాయితీగా చెప్పాడు: “మీరు ఏడింటికి లారీ అన్నారు కదమ్మా, దానికి ఓకే అన్నాను.” మెసేజ్ తీసి మళ్లీ చదివాను. ఆయన చెప్పింది నిజమే.

ఇప్పుడు దానికి విరుగుడు ఏమిటంటే, స్లాబ్‌కి కింద నుంచి రంధ్రం కొట్టి విచ్చుకునే బోల్టుతో హుక్ బిగించవచ్చు. అది గట్టిగానే ఉంటుంది. కష్టమంతా వైరుది. స్లాబ్‌లో గాడి కొట్టి పైపు దాచకూడదు, ఎందుకంటే అడుగున ఇనుముకు కిందుగా ఉండే కాంక్రీట్ మందం 20 మిల్లీమీటర్లే. గాడి కొడితే కడ్డీ బయటపడుతుంది, పైపు మందమే అంతకన్నా తక్కువేమీ ఉండదు. సీలింగ్ ప్లాస్టరింగ్ ఇంకా పల్చన, అందులో పైపు మునగదు. చివరికి గోడ నుంచి హుక్ దాకా సీలింగ్ మీద తెల్లటి ప్లాస్టిక్ పట్టీ వేసి అందులోంచి వైరు తీశాం. ఖర్చు వందల్లోనే అయింది. ఆ గదిలో పడుకునేవాళ్లు పడుకున్నంతకాలం ఆ పట్టీ చూస్తూ ఉంటారు.

తెలుగులో అవును, సరే, అలాగే, ఊఁ అన్నీ ఒకటే కదా?

ఒకటి కావు, ఇక్కడే మన భాష మనకు సాయం చేస్తుంది. ‘అవును’ అంటే మీరు చెప్పింది నిజం అని. ‘సరే’ అంటే నాకు సమ్మతమే అని. ‘అలాగే’ అంటే మీరు చెప్పినట్టు చేస్తాను అని. ‘ఊఁ’ అంటే వింటున్నాను అని మాత్రమే. చిన్నప్పుడు కథ చెప్తుంటే ఊ కొట్టేవాళ్లం. రాజుగారికి ఏడుగురు కొడుకులు అంటే ఊ, ఏడుగురూ వేటకు వెళ్లారు అంటే ఊ. ఆ ఊకి అర్థం నేను నిద్రపోలేదు, ముందుకు చెప్పు అని. ఎవరూ దాన్ని ఒప్పందంగా తీసుకోరు.

‘ఓకే’ ఈ నాలుగింటినీ మింగేసింది. బాక్సులు పెట్టారా అంటే ఓకే, రేపు రండి అంటే ఓకే, ఇలా చేద్దామా అంటే ఓకే, నా మాట వినపడుతోందా అంటే ఓకే. టైపు చేయడానికి సులువు, మర్యాదగానూ ఉంటుంది. కానీ మా మేస్త్రి ఆ రాత్రి ‘అలాగే అమ్మా’ అని పెట్టి ఉంటే నాకు అనుమానం వచ్చేది. ‘పెట్టారా’ అనే ప్రశ్నకు ‘అలాగే’ అతకదు కాబట్టి, ఆయన లారీ సంగతే మాట్లాడుతున్నాడని తెలిసిపోయేది. ఓకే మాత్రం ఎక్కడైనా అతుకుతుంది. దాంతో చిక్కే అది.

ఈ తేడా పట్టించుకునే వృత్తి ఏదైనా ఉందా?

ఉంది, విమానాల రేడియో. అక్కడ ఈ అర్థాలకు వేరువేరు మాటలు నిర్ణయించి పెట్టారు. ‘రోజర్’ అంటే మీరు చెప్పిందంతా నాకు అందింది అని మాత్రమే. ‘అఫర్మ్’ అంటే అవును. ‘విల్కో’ అంటే అర్థమైంది, అలాగే చేస్తాను. అవునో కాదో చెప్పాల్సిన ప్రశ్నకు రోజర్ అని జవాబివ్వకూడదని నియమం కూడా ఉంది. మన ఊఁ, అవును, అలాగే ఎక్కడివక్కడ పెట్టినట్టే.

ఓకే అనే మాట ఎంత పని చేయగలదో 1977 మార్చి 27న కానరీ దీవుల్లో టెనెరిఫె విమానాశ్రయంలో కనిపించింది. పొగమంచు దట్టంగా ఉంది. ఒకే రన్‌వే మీద కేఎల్ఎం, పాన్ యామ్ సంస్థల రెండు జంబో విమానాలు. కేఎల్ఎం కోపైలట్ రేడియోలో రెండు విషయాలు కలిపి చెప్పాడు. ముందు తమకిచ్చిన దారి వివరాలు తిరిగి చదివాడు, ఆ వెంటనే “మేము ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం” అన్న అర్థం వచ్చే మాట చేర్చాడు. టవర్‌లోని కంట్రోలర్ అది విని, ఎగరడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారనుకున్నాడు. నిజానికి విమానం కదలడం మొదలుపెట్టింది. కంట్రోలర్ ‘ఓకే’ అని, ఒక క్షణం ఆగి, ఆగండి, నేను పిలుస్తాను అని చెప్పాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ వాళ్లు కూడా మాట్లాడడంతో రెండు సిగ్నళ్లు కలిసి కీచుమన్నాయి. కేఎల్ఎం కాక్‌పిట్‌లో శుభ్రంగా వినిపించింది ఆ ఓకే ఒక్కటే. రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ప్రమాదానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, ఓకే ఒక్కటే చేసిందని అనను. ఆ తర్వాత రేడియోలో టేకాఫ్ అనే మాటను ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని వెనక్కి తీసుకునేటప్పుడు మాత్రమే వాడాలని కట్టుదిట్టం చేశారు. అనుమతిని పైలట్ మాటకు మాట తిరిగి చెప్పాలనే పట్టుదలా పెరిగింది.

మా సైట్‌లో పోయేది ఒక ఫ్యాన్ బాక్సే లెండి.

మరి మేస్త్రి ఓకే కాకుండా ఏమని జవాబివ్వాలి?

క్రియతో. తెలుగులో సహజమైన జవాబు అదే. అన్నం తిన్నావా అంటే మనం అవును అనం, ‘తిన్నా’ అంటాం. బాక్సులు పెట్టారా అంటే ‘పెట్టాం’. పైపులు కట్టారా అంటే ‘కట్టాం’. ప్రశ్నలోని క్రియే జవాబులో తిరిగి వస్తుంది కాబట్టి, ఏ ప్రశ్నకు జవాబో దానంతట అదే తెలుస్తుంది. కాలం కూడా తెలుస్తుంది. ‘పెట్టాం’ అన్నాడో ‘పెడతాం’ అన్నాడో ఆ చిన్న తేడాలోనే ఉంది. ఓకేలో కాలం లేదు. నా ఫ్యాన్ బాక్సు కథ మొత్తం పెట్టాం, పెడతాం మధ్యనే జరిగింది.

అందుకే రెండు ప్రశ్నలు ఒకేసారి అడగక తప్పకపోతే, రెండిటికీ వేరువేరు క్రియలు వాడతాను. “బాక్సులు పెట్టారా, కవర్ బ్లాకులు పెట్టారా” అంటే ‘పెట్టాం’ అనే జవాబు మళ్లీ గోడ మీద పిల్లే. కవర్ బ్లాకులంటే ఇనుము షీట్లకు ఆనకుండా కింద పెట్టే చిన్న దిమ్మలు. “బాక్సులు బిగించారా, కవర్ బ్లాకులు సర్దారా” అంటే, ‘సర్దాం’ అని ఒక్కటే వస్తే రెండోది మాత్రమే అయిందని పట్టుకోవచ్చు. ఇది ఎవరూ నాకు నేర్పలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నాను.

“రేపా, ఎల్లుండా?” అని అడిగితే “ఓకే మేడం” వచ్చింది. ఏం చేయాలి?

నవ్వుకుని ఫోన్ చేయాలి. టీయా కాఫీయా అంటే సరే అన్నట్టు. ఇలాంటిది ప్రమాదం కాదు, ఎందుకంటే జవాబు అతకలేదని వెంటనే కనిపిస్తుంది. అతికినట్టు కనిపించే ఓకేలనే చూసి భయపడాలి.

“వైబ్రేటర్ ఇంకా రాలేదా?” అంటే “అవును” అన్నాడు. వచ్చినట్టా, రానట్టా?

వైబ్రేటర్ అంటే పోసిన కాంక్రీట్‌ని ఖాళీలు లేకుండా సర్దుకునేలా అదిరించే యంత్రం. ఇక జవాబు, తెలుగు లెక్కలో రానట్టు. ‘రాలేదు’ అనే మీ మాట నిజమే అని ఆయన అంటున్నాడు. వచ్చి ఉంటే “లేదు మేడం, వచ్చింది” అనేవాడు. చిక్కల్లా ‘యెస్’ అని జవాబిచ్చే కుర్రాళ్లతో. ఇంగ్లీషు అలవాటు ఉన్నవాడి యెస్‌కి వచ్చిందని అర్థం, తెలుగులో ఆలోచించి యెస్ అనే మాట వాడేవాడికి రాలేదని అర్థం. ఇద్దరూ ఒకే సైట్‌లో ఉంటారు. అందుకని ‘లేదా’తో ముగిసే ప్రశ్న నేను మెసేజ్‌లో రాయను. “వైబ్రేటర్ ఎన్నింటికి వచ్చింది?” అని రాస్తాను. రాకపోతే రాలేదనే చెప్తారు.

ఇలాంటి ప్రశ్న రెండు ముక్కలుగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. “వైబ్రేటర్ రాలేదా, డీజిల్ తెచ్చారా?” అంటే వచ్చే అవును ఒక ముక్కకు కాదని, ఇంకో ముక్కకు ఔనని పని చేస్తుంది.

చివర ‘కదా’ పెట్టి అడిగితే మర్యాదగా ఉంటుంది కదా?

ఉంటుంది. జవాబు కూడా ముందే మీరే ఇచ్చేసినట్టు ఉంటుంది. “రోజుకు మూడుసార్లు తడుపుతున్నారు కదా, మడుల్లో నీళ్లు ఆరిపోవడం లేదు కదా?” అంటే ఆఁ మేడం అనడం తప్ప ఎదుటివాడికి దారి లేదు. కాదనాలంటే మిమ్మల్ని కాదనాలి. పెద్ద వయసు మేస్త్రులు మొహమాటానికే ఆఁ అంటారు.

స్లాబ్ మీద నీళ్లు నిలవడానికి గట్లు వేసి చేసే గళ్లే ఈ మడులు. స్లాబ్ తడపడం నేను గట్టిగా పట్టించుకునే విషయం. మామూలు సిమెంట్ అయితే కనీసం 7 రోజులు, బూడిద కలిపిన పీపీసీ లాంటి సిమెంట్ అయితే 10 రోజులు తడి ఆరకూడదని మన దేశపు కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. ఎండలు మండుతుంటే ఇంకా పెంచమంటుంది. అంత ముఖ్యమైనదాన్ని కదాతో అడగడం నాకు నేనే సున్నం పెట్టుకోవడం. ఇప్పుడు “మడుల ఫోటో పెట్టండి” అంటాను. ఫోటోలో నీళ్లు ఉంటాయి, లేదా ఉండవు.

తప్పంతా మేస్త్రులదే అన్నట్టు రాస్తున్నారు. ఇంజనీర్లు ఓకే అనరా?

అంటారు. అన్నిటికన్నా చెడ్డ ఓకే పంపింది నేనే.

ఆ ఫ్యాన్ బాక్సు ఇంట్లోనే హాలు పెద్దది, గోడ నుంచి గోడకు పదహారున్నర అడుగులు. పక్కన బెడ్‌రూమ్ పదకొండు అడుగులు. స్లాబ్ వేసిన ఎనిమిదో రోజు మేస్త్రి మెసేజ్ పెట్టాడు: “మేడం బెడ్‌రూమ్ పోస్టులు తీయమంటారా, హాలువి కూడా తీసేయమంటారా, షీట్లు వేరే సైట్‌కి కావాలి.” నేను బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిన ఆనందంలో ఉన్నాను. బెడ్‌రూమ్ అన్న ముక్క చదివాను, అది సబబే అనిపించింది. ఓకే అని కొట్టాను.

స్లాబ్ కింద పోస్టులకు ప్రమాణం చెప్పే లెక్క సులువుగానే ఉంటుంది. గోడ నుంచి గోడకు దూరం 4.5 మీటర్ల లోపు, అంటే పదిహేను అడుగులకు కాస్త తక్కువ అయితే 7 రోజులు ఉంచాలి. అంతకు మించితే 14 రోజులు. బీముల కింద పోస్టులకు 6 మీటర్ల దాకా 14 రోజులు, ఆ పైన 21. ఇది మామూలు సిమెంట్‌కి, వాతావరణం మరీ చల్లగా లేనప్పుడు వర్తించే లెక్క. మా బెడ్‌రూమ్ స్లాబ్‌కి ఎనిమిదో రోజు సరిపోతుంది. హాలు స్లాబ్‌కి ఇంకా ఆరు రోజులు ఉండాలి. అంటే ఆయన అడిగిన రెండు ప్రశ్నలకు జవాబులు ఒకటి అవును, ఒకటి కాదు. నేను పంపింది ఒక్క ఓకే.

దిగాక మళ్లీ చూసుకుని ఒళ్లు జల్లుమంది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, పని జోరులో ఉన్నారు. కరెంట్ అబ్బాయికి చేస్తే వాడు పరుగెత్తి ఆపాడు. అప్పటికి బెడ్‌రూమ్ అయిపోయి హాల్లో ఒక అంచు వరస పోస్టులు తీశారు, మధ్యవి అలాగే ఉన్నాయి. తీసినవి మళ్లీ నిలబెట్టించాను. ఒకసారి తీసి మళ్లీ పెట్టినవి ముందున్న వాటితో సమానం కావు, స్లాబ్ అప్పటికే తన బరువు కొంత మోయడం మొదలుపెడుతుంది. అందుకని కింద నుంచి దారం కట్టి కొన్నాళ్లు కొలతలు చూసుకున్నాను. పగుళ్లేమీ రాలేదు. అంచు వరస బదులు మధ్య వరస తీసి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు.

ఇందులో గమనించాల్సింది, ఆయన ప్రశ్న అడిగిన తీరులో నాకు ఉచ్చు ఉంది. తేలికైన ముక్క ముందు, కష్టమైన ముక్క ‘కూడా’తో వెనక. ‘కూడా’ కనిపించినప్పుడల్లా ఆగి చదవాలని అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

బొటనవేలి బొమ్మ పెడితే?

ఓకేతో సమానం, ఇంకాస్త మూగది. కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రంలో 2023లో ఒక కోర్టు తీర్పు వచ్చింది. అవిసె గింజలు కొనే సంస్థ ఒక రైతుకు ఒప్పందం ఫోటో పంపి ఖరారు చేయమంది. రైతు బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఒప్పందం అందిందని చెప్పాను అంతే అని రైతు వాదన, ఒప్పుకున్నాడని సంస్థ వాదన. వాళ్ల మధ్య అంతకుముందు జరిగిన లావాదేవీల తీరు చూసి కోర్టు అది ఒప్పుకోలే అంది. రైతు 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. ఊఁ కొట్టానని ఒకరు, సరే అన్నావని ఇంకొకరు, అదే గొడవ.

అయినా వాళ్లు పూర్తి జవాబు ఎందుకివ్వరు? నిర్లక్ష్యమా?

చాలాసార్లు కాదు. మా మేస్త్రికి చదవడం వచ్చు, ఫోన్‌లో తెలుగు టైపు చేయడం రాదు. ఓకే అనేది ఫోనే చూపిస్తుంది, నొక్కితే చాలు. రెండో కారణం మొహమాటం. బాక్సు ఒకటి తక్కువ పడిందని రాత్రి ఏడున్నరకి ఇంజనీర్‌కి రాయడం కన్నా, పొద్దున్నే కొనుక్కొచ్చి పెట్టేస్తే గొడవ ఉండదనుకుంటారు. సగం పనికి ఓకే, మిగతా సగానికి ధైర్యం.

ఇంకో కారణం మనమే. మేం వరసగా నాలుగు ప్రశ్నలు గుప్పించి, “ఏదో ఒకటి చెప్పండి” అని మళ్లీ మెసేజ్ పెడతాం. ఆయన ఏదో ఒకటి చెప్తాడు.

ఓకే వచ్చాక ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా మళ్లీ అడగడం ఎలా?

“నేను రెండు అడిగాను, మీరు ఒకదానికే చెప్పారు” అంటే బడిలో మాస్టారు అన్నట్టుంటుంది. అరవై ఏళ్ల మనిషిని అలా అనకూడదు. నేను ఓకేని పక్కన పెట్టి, మిగిలిన ముక్క ఒక్కదాన్నే, ఓకే అతకని తీరులో అడుగుతాను. “మేస్త్రి గారూ, బాక్సులు మొత్తం ఎన్ని బిగించారు? నేను లెక్క రాసుకోవాలి.” దీనికి జవాబు అంకె. నాలుగు రావాల్సిన చోట మూడు అని వస్తే విషయం బయటపడినట్టే, ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. ఎన్ని, ఎన్నింటికి, ఎవరు, ఏ గదిలో, ఇవన్నీ ఓకేకి లొంగని ప్రశ్నలు. ‘లెక్క రాసుకోవాలి’ అనడం వల్ల తన మీద అనుమానం కాదు, నా అవసరం అనిపిస్తుంది. అది అబద్ధం కూడా కాదు, ఇప్పుడు నిజంగానే పుస్తకంలో రాసుకుంటున్నాను.

టైపు చేయలేనివాళ్లయితే వాయిస్ పెట్టమంటాను. నోటితో మాట్లాడేటప్పుడు మనిషి ఓకేతో ఆగడు, “మూడు పెట్టామమ్మా, ఇంకోటి పొద్దున తెస్తా” అని కథంతా వస్తుంది.

ప్రశ్నలకు 1, 2 అని అంకెలు వేస్తే చాలదా?

ఆఫీసు మెయిళ్లలో బాగా పని చేస్తుంది. ఓనర్లకు నేనూ అలాగే రాస్తాను. సైట్‌లో మాత్రం అంకెలు వేసి ఐదు పంపితే వచ్చింది, “1 2 3 4 5 ఓకే.” ఒక్కో ప్రశ్నను వేరే మెసేజ్‌గా విడగొట్టి, మొదటిదానికి జవాబు వచ్చాకే రెండోది పంపడం నాకు నచ్చిన పద్ధతి. టైము పడుతుందనే మాట నిజమే.

ఎప్పుడైనా ఒక్క ఓకే చాలా?

చాలు, రెండు ముక్కలూ ఒకే పనికి చెందినప్పుడు. “వాన మొదలైతే ఆపేసి టార్పాలిన్ కప్పండి, లేకపోతే కానివ్వండి” అంటే ఓకే చాలు. అందులో ప్రశ్న లేదు, చెప్పింది వినమనే ఉంది. “రేపు ఆరింటికి వచ్చి తడపడం మొదలుపెట్టండి” అన్నా అంతే. ప్రతిదానికీ తిరిగి చెప్పించుకుంటే జనం విసుగెత్తి ఫోనే తీయరు. కాంక్రీట్‌లో మూసుకుపోయే పనులు, తీసేస్తే మళ్లీ పెట్టలేని పనులు, ఈ రెండింటికే నేను పట్టుబడతాను. మిగతావాటికి ఓకే అంటే ఓకే.

నేనే తప్పు ఓకే పంపానని తర్వాత తెలిసింది. ఏం చేయాలి?

ఇంకో మెసేజ్ పెట్టకండి. మొదటి ఓకే చదివిన మనిషి ఫోన్ జేబులో పెట్టేసి పనిలో దిగి ఉంటాడు. ఫోన్ చేయండి, ఎత్తకపోతే సైట్‌లో ఉన్న ఇంకెవరికైనా చేయండి. కరెంట్ అబ్బాయి, వాచ్‌మన్, ఎదురింటివాళ్లు, ఎవరైనా సరే. అందుకే ప్రతి సైట్‌లో మేస్త్రి కాకుండా ఇంకో ఇద్దరి నంబర్లు నా దగ్గర ఉంటాయి. కాంక్రీట్ రోజయితే లారీ డ్రైవర్ నంబరు కూడా. ఒక బాక్సు బిగించడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలు లారీని ఆపితే డ్రైవర్ గొణుగుతాడు. గొణగనివ్వండి.